గోడ రంగు మారకూడదు

కొత్త ఫోన్ల ప్రకటనలు మళ్లీ జోరందుకున్నాయి. అన్నిటి సారాంశం ఒకటే: మీరు బటన్ నొక్కండి చాలు, వెలుగు, రంగు, కుదుపు, శబ్దం, అన్నీ ఫోనే చూసుకుంటుంది. ఆ మాట చాలావరకు నిజం కావడమే నా చిరాకుకు కారణం. ఫోను నిజంగానే అన్నీ చూసుకుంటుంది, అయితే ఏ షాటుకి ఆ షాటునే చూసుకుంటుంది. ఇప్పుడు తీస్తున్నది దేని పక్కన అతుకుతుందో దానికి తెలియదు. పెళ్లిలో తీసే పది సెకన్ల వీడియోకి దాంతో ఏ నష్టమూ లేదు. డాక్యుమెంటరీ మాత్రం అతుకుల మీద బతికే సినిమా. ఉదయం తీసిన మాట, మధ్యాహ్నం తీసిన చేతులు, మర్నాడు తీసిన వీధి పక్కపక్కన చేరి ఒకే చోటులా, ఒకే మనిషి కథలా కనిపించాలి. ఒక్కో షాటును విడిగా చూస్తే ముచ్చటగా ఉండి, వరసగా పెట్టేసరికి ఎక్కడికక్కడ విరిగిపోయే డాక్యుమెంటరీలు ఇప్పుడు కుప్పలుగా వస్తున్నాయి. తీసినవాళ్ల అభిరుచిలో లోపం ఉండి అలా జరగడం లేదు. ఎడిటింగ్ బల్ల మీద తీసుకోవాల్సిన నిర్ణయాలను షూటింగ్ సమయంలోనే ఫోనుకు వదిలేయడం వల్ల జరుగుతోంది. స్టెబిలైజేషన్, ఎక్స్‌పోజర్ లాక్, శుభ్రమైన ఆడియో, ముందే రాసుకున్న కట్‌అవేలు అంటూ యూట్యూబు పాఠాలు నాలుగు వేర్వేరు విద్యలుగా చెప్పేవన్నీ నా లెక్కలో ఒకే విద్య. నాలుగూ అతుకు కోసమే.

ఒక ఇల్లు అనుకుందాం. పోచంపల్లిలో చేనేత కార్మికుడి ఇల్లు, లోపలి గదిలో గుంట మగ్గం, పక్కన ఒక కిటికీ, పైన ఒక ట్యూబులైటు. నేత పని చేసే ఆయన మగ్గం ముందు నేల మట్టానికి కూర్చుని, కాళ్లు గుంటలో ఉన్న తొక్కుడు చెక్కల మీద పెట్టి నేస్తున్నాడు. ఫోను ఆటోలో ఉంది. ఆయన వెనక్కి ఆనుకున్నప్పుడు కిటికీ వెలుగు ముఖం మీద పడుతుంది, గోడ గోధుమ రంగులో కనిపిస్తుంది. పడుగు మీదికి వంగగానే ముఖం వెలుగులోంచి తప్పుకుంటుంది, ఫ్రేములో చీకటి పెరుగుతుంది. చీకటైందనుకున్న ఫోను మొత్తం బొమ్మను తేటపరుస్తుంది. రెండు సెకన్లలో కిటికీ తెల్లగా మాడిపోతుంది, గోడ రంగు వెలిసిపోతుంది. కదులుతున్న షాటులో కన్ను దీన్ని క్షమిస్తుంది, ఎందుకంటే మార్పు కళ్లముందే నెమ్మదిగా జరిగింది. ఆయన మాటల్లో మధ్య ముక్క తీసేసి ముందుదీ వెనకదీ కలిపినప్పుడు మాత్రం ఒక్క క్షణంలో గోడ రంగు మారిపోతుంది. ప్రేక్షకుడికి ఎక్స్‌పోజర్ అనే మాట తెలియనక్కర్లేదు, ఇది మరో రోజు తీసిందని అతనికి అనిపించేస్తుంది.

రంగుది ఇంకా పెద్ద పేచీ. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే, ఫ్రేము నిండా ఒకే రంగు ఉన్నప్పుడు ఫోను అది వస్తువు రంగో, పడుతున్న వెలుగు రంగో తేల్చుకోలేదు. ఎర్రటి పడుగును దగ్గరగా తీస్తే ఎరుపు ఎక్కువైందని సర్దుతుంది, ఎరుపు చప్పబడుతుంది. అదే పడుగు, అదే చీర, దూరం నుంచి తీసిన షాటులో మరో రంగులో ఉంటుంది. నూలు మీద రబ్బరు పట్టీలతో ముడులు కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, ఏ పోగులో ఎక్కడ ఏ రంగు రావాలో నేయకముందే తేల్చే ఇక్కత్ పని గురించి తీస్తున్న సినిమాలో చీర రంగే నిలకడగా లేకపోతే ఇక ఆ సినిమా దేని గురించి? ఐఫోనులో తెర మీద వేలు నొక్కి ఉంచితే AE/AF LOCK అని కనిపిస్తుంది. అది వెలుగును, ఫోకస్‌ను బిగిస్తుంది. వైట్ బ్యాలెన్స్‌ను విడిగా బిగించాలి. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా అనే ఉచిత యాప్‌లోనూ, చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల ప్రొ వీడియోలోనూ ఇవన్నీ విడివిడిగా చేతికి దొరుకుతాయి. కిటికీ వెలుగుకు 5500 కెల్విన్ దగ్గర పెట్టి, ట్యూబులైటు ఆర్పేస్తే చాలు. రెండు వెలుగులు కలిసిన ముఖం సగం ఒక రంగు, సగం మరో రంగు అవుతుంది, ఆ తేడాను తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ చక్కగా విడదీయలేదు.

ట్యూబులైటు ఆర్పడం కుదరకపోతే షట్టర్ సంగతి చూడాలి. మన ఇళ్ల కరెంటు 50 హెర్ట్జ్, అంటే మామూలు దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. షట్టర్ 1/50 దగ్గర ఉంటే ప్రతి ఫ్రేములోనూ సరిగ్గా రెండు మిణుకులు పడతాయి, వెలుగు సమానంగా ఉంటుంది. 1/60 దగ్గర ఉంటే ఒక్కో ఫ్రేములో ఒక్కో మోతాదు పడి, గోడ మీద మసక చారలు పైకీ కిందికీ జారుతుంటాయి. అందుకే మన దగ్గర సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 అన్న జత హాయి. అన్నీ బిగించాక పరీక్ష సులువు. ఆయన్ని ముందుకు ఒకసారి వంగమని, వెనక్కి ఒకసారి ఆనుకోమని చెప్పి ఇరవై సెకన్లు తీయండి. చూసేటప్పుడు ముఖం వంక చూడకండి, గోడ మూల చూడండి. అది కాస్తయినా మారిందంటే ఏదో ఒకటి బిగుసుకోలేదన్నమాట.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం బలమైనదే. జీవితం రిహార్సల్ ఇవ్వదు కదా, మనిషి చీకటి గదిలోంచి ఎండలోకి పరుగెత్తితే బిగించిన ఎక్స్‌పోజర్ తెల్లకాగితం చూపిస్తుంది కదా అంటారు. నిజం. అఫ్గానిస్తాన్ దర్శకుడు హసన్ ఫజిలీ ప్రాణభయంతో కుటుంబాన్ని వెంటబెట్టుకుని దేశాలు దాటుతూ, మూడు మొబైల్ ఫోన్లతో తీసిన ‘మిడ్‌నైట్ ట్రావెలర్’ 2019లో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో వచ్చింది. ఆ ప్రయాణంలో ఎవరూ కెల్విన్ సరిచూసుకుంటూ కూర్చోరు, కూర్చోకూడదు. మళ్లీ జరగని సంఘటనకు ఆటోనే దిక్కు. కానీ చేతిపని గురించిన సినిమా ఆ కోవది కాదు. నేత పనివాడు ఒక చీరలో నాడెను వేల సార్లు విసురుతాడు. ఈసారి తప్పిన షాటు మరుక్షణంలోనే మళ్లీ దొరుకుతుంది. ఆ పునరావృత్తి డాక్యుమెంటరీ తీసేవాడికి దొరికిన పెద్ద ఆస్తి. అది చేతిలో ఉండి కూడా ఆటో మీద ఆధారపడితే ఆ ఆస్తిని పారేసుకున్నట్టే.

స్టెబిలైజేషన్ గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే దాని మీద అవసరానికి మించి మాటలున్నాయి, అవసరానికి మించి గింబల్‌లు అమ్ముడవుతున్నాయి. ఫోనులోని ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్ ఫ్రేము అంచులు కొంత కోసేసి, మిగిలిన బొమ్మను జరుపుతూ కుదుపును దాస్తుంది. దాచగలిగేది బొమ్మ స్థానాన్నే. షట్టర్ తెరిచి ఉన్న ఆ సెకనులో యాభయ్యో వంతులో చెయ్యి వణికితే పడిన మసక అలాగే ఉండిపోతుంది. ఫ్రేము నిలకడగా ఉన్నా అంచులు క్షణక్షణం అలుక్కుపోతూ కనిపిస్తే కారణం అదే. మసక గదిలో నమ్మాల్సింది ట్రైపాడ్‌నే, ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు ఆ స్టెబిలైజేషన్ ఆపేయాలి. లేకపోతే ఫోనును మెల్లగా పక్కకు తిప్పినప్పుడు బొమ్మ మొదట అంటుకుపోయి, తర్వాత జారి, ఆగాక కూడా ఒకింత ముందుకు పోతుంది. గుంట మగ్గం దగ్గర మరో సంగతి ఉంది. నేసే మనిషి కళ్లు నేలకు రెండడుగుల ఎత్తులో ఉంటాయి. నిలబడి తీసేవాడి ఛాతీ ఎత్తున ట్రైపాడ్ పెడితే సినిమా అంతా ఆయన నడినెత్తిని చూస్తుంది. పొట్టి ట్రైపాడ్, లేదా నాలుగు ఇటుకల మీద ఫోను, మగ్గం చట్రానికి తగలకుండా. చట్రానికి ఆనిస్తే దాని ప్రతి దెబ్బా బొమ్మలో కనిపిస్తుంది.

ఇక శబ్దం. చెవి ముందు, కన్ను తర్వాత అన్నది నా పాత పట్టుదల, దాన్ని ఇక్కడ మళ్లీ ఎత్తక తప్పదు. ఐఫోన్ 5ఎస్‌తో తీసిన సినిమాగా షాన్ బేకర్ ‘టాంజరీన్’ (2015) పేరు ప్రతి చర్చలోనూ వస్తుంది. శబ్దం మాత్రం ఆ ఫోన్లతో పట్టలేదని, విడిగా వృత్తిపరమైన పరికరాలతో రికార్డు చేశారని ఎవరూ గుర్తు చేయరు. కారణం లెక్కలోనే ఉంది. మైకు దూరం రెట్టింపైన ప్రతిసారీ నోటి నుంచి నేరుగా వచ్చే మాట 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గదిలోని రొద మాత్రం తగ్గదు. గడ్డానికి జానెడు కింద, అంటే సుమారు తొమ్మిది అంగుళాల దూరంలో కాలరు మైకు ఉందనుకోండి. ఆరడుగుల అవతల ట్రైపాడ్ మీద ఉన్న ఫోను దానికి ఎనిమిది రెట్ల దూరం, మూడు రెట్టింపులు, 18 డెసిబెల్స్ తేడా. ఫోను ఆ లోటును తనంతట తాను పూడ్చబోతుంది. ఆయన ఆగి ఊపిరి పీల్చుకున్నప్పుడల్లా రికార్డింగు స్థాయిని పెంచుతుంది, పక్కింటి మగ్గం, వీధిలో ఆటో ఉబికి పైకి వస్తాయి, మాట మొదలవగానే మళ్లీ అణిగిపోతాయి. ఇంట్లో ఉన్న రెండో ఫోనుకు తీగ మైకు తగిలించి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఆయన జేబులో వేసినా ఈ బెడద చాలావరకు పోతుంది. మాట మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చప్పట్లు కొట్టాలి. మొదటి చప్పట్లు బొమ్మతో కలిసి, చివరివి కలవకపోతే ఫోను ఫ్రేముల వేగాన్ని మధ్యలో మార్చి ఉండొచ్చని అనుమానించాలి. అప్పుడు ఆ వీడియోను హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరులో ఒకే వేగానికి మార్చుకున్నాకే ఎడిటింగులో వేసుకోవాలి.

మగ్గం నడుస్తుండగా మాట్లాడించడమే సహజం కదా, ఆ చప్పుడు లేకపోతే నేతగాడి ఇల్లు ఎలా అవుతుంది అని అడుగుతారు. చప్పుడు ఉండి తీరాలి, మాట ఉన్న ట్రాకులో ఉండకూడదు. ఇక్కడే అతుకు మళ్లీ వస్తుంది. మగ్గానికి లయ ఉంటుంది: నాడె పోవడం, పలక కొట్టడం, కాలు మార్చడం. ఆ లయ వినిపిస్తుండగా పట్టిన మాటలోంచి ఒక వాక్యం తీసేస్తే మగ్గం తడబడుతుంది, రెండు దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడతాయి, లేదా ఒక దెబ్బ మాయమవుతుంది. బొమ్మలో అతుకును ఏదో ఒక కట్‌అవేతో కప్పొచ్చు, చెవి పట్టేసిన అతుకును ఏదీ కప్పదు. రొద తీసేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదా అన్న మాటకు కూడా జవాబు ఇదే. ఒకే తీరుగా సాగే ఫ్యాను హోరును అవి బాగానే తీస్తాయి. పలక దెబ్బ అలాంటిది కాదు, క, ట, ప లాంటి హల్లులు పలికే చోటే అదీ పలుకుతుంది, దాన్ని తీయబోతే మాట అంచులు కూడా అరిగిపోతాయి. కాబట్టి మూడు రికార్డింగులు కావాలి. మగ్గం ఆపి మాట, మాట ఆపి మగ్గం మూడు నిమిషాలు తెగకుండా, రెండూ ఆపి గది నిశ్శబ్దం ఒక నిమిషం. ఎడిటింగులో మగ్గాన్ని మాట కింద పరిచినప్పుడు పైన ఎన్ని ముక్కలు కోసినా కింద లయ తెగదు. పక్కిళ్ల మగ్గాలను మనం ఆపలేం, అవి భోజనాల వేళ వాటంతట అవే ఆగుతాయి. మాటల రికార్డింగును ఆ గంటకు పెట్టుకోవడం కూడా పరికరం కొన్నంత పని చేస్తుంది.

కట్‌అవేల దగ్గర చాలామంది చేసే పని, కనిపించిందల్లా తీసుకుని రావడం. గిన్నెలు, పిల్లి, గడప మీద ముగ్గు, తలుపు మీద ఎండ. తర్వాత ఎడిటింగులో మాట తెగిన చోటల్లా అందులోంచి ఒకటి అతికిస్తారు. నేను చెప్పే వరస తిరగేసి ఉంటుంది. ముందు మాట పట్టాలి, దాన్ని కాగితం మీద రాయాలి, ఏ వాక్యాలు ఉంటాయో, ఎక్కడ కోత పడుతుందో గీత గీయాలి, ఆ తర్వాతే బొమ్మల కోసం ఫోను తీయాలి. నలభై నిమిషాల మాటలో ఆరు నిమిషాలు మిగిలాయని, అందులో ఇరవై కోతలు పడ్డాయని అనుకుందాం. ప్రతి కోతకూ నాలుగు నుంచి ఆరు సెకన్ల బొమ్మ కావాలి, తీసేటప్పుడు మాత్రం ప్రతిదీ పది సెకన్లు ఆగి తీయాలి, పని మొదలై ముగిసేదాకా. చెయ్యి కండెను నాడెలో పెట్టడం మొదలుపెడితే పెట్టి మూసేదాకా కదలకూడదు. చిన్నప్పుడు అమ్మ ఆసు పోస్తుంటే చూశానని ఆయన అన్నాడనుకోండి. అర్ధచంద్రంలా ఉన్న మేకుల చుట్టూ చేతిని అటూ ఇటూ తిప్పుతూ ఒక్క చీరకు వేల సార్లు పోగు వేసే పని అది. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేసింది అందుకే. ఇప్పుడు ఆ మాట మీద వేయాల్సిన బొమ్మ పక్క గదిలో దొరకదు. చేత్తో ఆసు పోసే ఇల్లు వెతకాలి, అడగాలి, రోజు కుదుర్చుకోవాలి. జాబితా లేకుండా వెళ్లినవాడు ఆ వాక్యం మీద యంత్రాన్ని వేస్తాడు, లేదా పిల్లిని వేస్తాడు. తల్లి చెయ్యి పడ్డ కష్టం తెర మీదికి రానే రాదు. గంట కూడా జాబితాలో రాసుకోవాలి. మాట పట్టింది పదకొండింటికైతే, నాలుగింటి కిటికీ వెలుగులో తీసిన చేతులు ఎంత బిగించినా ఆ మనిషివి అనిపించవు.

ఇంతవరకూ చెప్పినవన్నీ అతుకు కనబడకుండా చేయడానికే అనిపిస్తాయి, నేనూ అదే దారిలో వాదించుకుంటూ వచ్చాను. ఆ దారి చివరిదాకా నడిస్తే ఒక చిక్కు ఎదురవుతుంది. గోడ రంగు మారదు, మగ్గం లయ తెగదు, ప్రతి కోత మీదా చక్కటి కట్‌అవే ఉంది. ఇప్పుడు మూడో నిమిషంలోని వాక్యానికి ముప్పయ్యో నిమిషంలోని వాక్యం అతికిస్తే ఎవరూ కనిపెట్టలేరు. ‘ఈ పని నేను వదలను’ అని ఆయన అన్నాడు. ఆగాడు, పలకను ఒకసారి ముందుకు లాగి వదిలాడు, ‘పిల్లలకు మాత్రం నేర్పను’ అన్నాడు. మొదటి వాక్యం దగ్గర ఆపి, నాడె పోతున్న షాటు వేసి, ముందెప్పుడో చెప్పిన ‘మా తాతల నుంచి వస్తున్న పని’ అన్న మాట కలిపితే పర్యాటక శాఖ మెచ్చే సినిమా అవుతుంది. రెండో వాక్యంతో మొదలుపెడితే చేనేత చావు మీద సినిమా అవుతుంది. రెండూ ఆయన నోటి మాటలే, రెండూ ఆయన అనని మాటలే. ఫోను లాంటి చిన్న పరికరంతో ఒక్కడే వెళ్లి, తీసి, కోసి, అప్‌లోడ్ చేసేవాడి విషయంలో ఈ ప్రమాదం ఎక్కువ. పక్కన కూర్చుని ‘ఆయన అలా అనలేదు కదా’ అనే ఎడిటర్ అతనికి లేడు.

కప్పకపోతే బొమ్మ గెంతుతుంది, ప్రేక్షకుడు ఇబ్బంది పడతాడు అంటారు. ఎర్రల్ మోరిస్ ‘ద ఫాగ్ ఆఫ్ వార్’ (2003)లో అమెరికా మాజీ రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా మాట్లాడుతుంటే కోతలు కళ్లెదుటే గెంతుతాయి. ఎవరూ లేచి వెళ్లిపోలేదు. ఇక్కడ ఏదో తీసేశారని ప్రేక్షకుడికి తెలుస్తుంది, తెలిసే వింటాడు. ఇక్కడే బిగించిన ఎక్స్‌పోజర్‌కు నేను మొదట అనుకున్న దానికన్నా మంచి కారణం కనబడుతోంది. గోడ రంగు మారుతూ ఉంటే గెంతిన కోత కెమెరా తప్పులా కనిపిస్తుంది, ప్రేక్షకుడు దాన్ని తీసేవాడి చేతగానితనం కింద జమకట్టి వదిలేస్తాడు. గోడ, రంగు, గది చప్పుడు అన్నీ కదలకుండా ఉండి, మనిషి తల మాత్రమే రెండంగుళాలు గెంతితే అది కోతేనని చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది. అతుకు దాచడానికే పనికొస్తాయనుకున్న బిగింపులు, అతుకును నిజాయితీగా చూపడానికీ అంతే అవసరం.

అందుకే కాగితం మీద గీతలు గీసేటప్పుడు ఇరవై కోతలకూ ఇరవై బొమ్మలు రాసుకోవడం సరికాదని ఇప్పుడు నాకు అనిపిస్తోంది. పని ఎలా జరుగుతుందో ఆయన చెప్పే చోట్ల, ముడులు, రంగులు, ఆసు, కండెల దగ్గర, ఎన్ని కట్‌అవేలైనా వేయొచ్చు, అక్కడ బొమ్మ మాటకన్నా ఎక్కువ చెబుతుంది. తన బతుకు గురించి ఆయన ఒక నిర్ణయం చెప్పే చోట మాత్రం కోత వద్దు. తప్పకపోతే కోత కనబడనివ్వాలి. వదలనన్న వాక్యానికీ, నేర్పనన్న వాక్యానికీ మధ్య ఆయన పలకను లాగి వదిలిన ఆ కొద్ది సెకన్లనూ తీసేయకుండా ఉంచాలి, పలక మాట ట్రాకులో పడినా సరే.